స్టీరింగ్ వదిలితే కారు ఎడమకే పోతోంది, అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించినా తగ్గలేదు

ఒంగోలు_తెల్లకారు:
ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించి ఇరవై రోజులైంది. అప్పట్నుంచి హైవే మీద ఎనభైలో స్టీరింగ్ కాస్త వదులు చేస్తే మూడు సెకన్లలో ఎడమ గీత తొక్కేస్తోంది. కావలి పోయొచ్చేసరికి భుజం పట్టేస్తోంది. అలైన్‌మెంట్ కాగితంలో అన్నీ పచ్చగానే ఉన్నాయి. షాపాయనేమో "రోడ్డే అట్లా ఉందండీ" అంటాడు.

గూడూరు_బాబాయ్:
అది గాలి నాయనా. ఎండాకాలం పడమటి గాలికి నా బండీ ఇట్లనే పోతది.

కావలి_షెడ్డు:
బాబాయ్, గాలైతే ఒంగోలు నుంచి కావలికి వచ్చేటప్పుడు ఎడమకి, తిరిగి పోయేటప్పుడు కుడికి తోయాల. తమ్ముడూ, నీకు రెండువైపులా ఎడమకేనా?

ఒంగోలు_తెల్లకారు:
రెండువైపులా ఎడమకే అన్నా.

కావలి_షెడ్డు:
అయితే గాలి కాదు. షాపాయన మాట పూర్తిగా అబద్ధమూ కాదు. వాన నీళ్లు జారిపోవడానికి హైవే ఎడమ అంచుకి వాలుంటది, మంచి బండి కూడా మెల్లగా అటు జరుగుతది. మూడు సెకన్లలో పోతోందంటే మాత్రం ఎక్కువే. కందుకూరు పక్క నడుము ఎత్తుగా ఉండే పాత రోడ్డు ఏదన్నా చూసుకో. తెల్లారకముందు, ఎదురు ఎవరూ లేనప్పుడు, నలభైలో సరిగ్గా నడిమధ్యన పోనీ. అక్కడా ఎడమకే అంటే బండిదే తప్పు. దానికంటే ముందు టైర్లలో గాలి చూడు. బండి రాత్రంతా నిలబడ్డాక, బంకు గేజిని నమ్మకుండా ఒకే గేజితో నాలుగూ చూడు.

నెల్లూరు_ట్రంకురోడ్డు:
నాదీ ఇదే సమస్య. బండి నేరుగానే పోతది గానీ స్టీరింగ్ వంకరగా ఉంటది. నేనూ గాలి చూసుకోవాల్నా?

కావలి_షెడ్డు:
మీది వేరండీ. లాగుడు లేకుండా స్టీరింగ్ ఒక్కటే వంకరంటే టో, అదే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగుండే కోణం, సరిగా కట్టలేదు. అలైన్‌మెంట్‌కి పోవాల్సింది మీరే.

ఒంగోలు_తెల్లకారు:
పొద్దున్నే చూశా. స్టిక్కర్ మీద 33 ఉంది. కుడి ముందుది 33, ఎడమ ముందుది 27! వాల్వు మూతి మీద ఉమ్ము తడి పెడితే ఆవగింజంత బుడగ లేచింది. పిన్ను మార్పించి 33 కొట్టించా. లాగుడు సగం తగ్గింది గానీ పోలేదు. పాత రోడ్డు నడిమధ్యన కూడా ఎడమకే.

గూడూరు_బాబాయ్:
కొత్త టైర్లలో తప్పేముంటది? క్యాంబర్, అదే చక్రం నిలువు వాలు, పోయుంటది.

కావలి_షెడ్డు:
కొత్తదాంట్లోనే ఉండొచ్చు బాబాయ్. లోపల బెల్టు ఒక పక్కకి జరిగితే టైరు కంటికి తెలీనంత కోసుగా తయారవుతది. స్టీలు గ్లాసు నేల మీద దొర్లించి చూడు, నేరుగా పోతదా? మూతి పెద్దది, అడుగు చిన్నది, గుండ్రంగా తిరుగుతది. అలైన్‌మెంట్ మిషను రిమ్ముని చూస్తది గానీ టైరుని చూడదు. అందుకే కాగితం పచ్చగా ఉంటది.
తమ్ముడూ, ముందు చక్రాలు రెండూ రిమ్ములతో సహా కుడి ఎడమలు మార్చు. టైరు మీద బాణం గుర్తుంటే మాత్రం మార్చొద్దు. ఇంకేదీ ముట్టుకోవద్దు, లేకపోతే దేనివల్ల తగ్గిందో తెలీదు. లాగుడు కుడికి మారితే టైరుదే. ఎడమకే ఉంటే అప్పుడు బాబాయ్ మాట చూద్దాం.

ఒంగోలు_తెల్లకారు:
అన్నా, కుడికి మారింది! అదే రోడ్డు, అదే నలభై. తర్వాత మొదట ఎడమన ఉన్న టైరుని వెనక్కేసి, వెనక పాతది ముందుకి తెచ్చా. ఇప్పుడు నేరుగా పోతోంది. మూడు అలైన్‌మెంట్ల డబ్బులు దండగ.

సింగరాయకొండ_ఆటోనగర్:
నేను మార్చినా ఎడమకే ఉండింది. గుంతలో పడ్డ తర్వాత మొదలైంది. కాగితంలో అన్నీ పచ్చే.

కావలి_షెడ్డు:
రంగు చూడొద్దన్నా, క్యాస్టర్ కుడి ఎడమలకి ఎంత తేడా ఉందో చూడు. అంటే స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం. రెండూ హద్దులోనే ఉన్నా తేడా ఎక్కువైతే, తక్కువ ఉన్న పక్కకి లాగుతది. గుంత దెబ్బ కాబట్టి ఎడమ చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ వంగిందేమో పక్కన కొత్తది పెట్టి చూడమను. చాలా చిన్న కార్లలో క్యాస్టర్ సర్దడానికి బోల్టే ఉండదు, వంగింది మార్చాల్సిందే. పనిలో పనిగా, పది కిలోమీటర్లు నడిపి దిగి ముందు రిమ్ములు రెండిటి దగ్గరా చెయ్యి పెట్టు, తగలనీకు. ఎడమది బాగా కాగుతుంటే బ్రేకు పట్టేసిందని.

సింగరాయకొండ_ఆటోనగర్:
క్యాస్టర్ ఎడమ 2.9, కుడి 3.8. చెయ్యి ఇంకా పెట్టి చూడలేదు.

కావలి_షెడ్డు:
దాదాపు ఒక డిగ్రీ తేడా. నాకైతే ఆర్మ్ మీదే అనుమానం. అయినా రేపు బ్రేకు చూశాకే విప్పించు.

ఒంగోలు_తెల్లకారు:
షాపాయన టైరు మార్చివ్వనంటున్నాడు. "వెనకేస్తే బాగానే ఉంది గదా" అంటాడు. ఇట్లాంటి దానికి కొత్త టైరు తీసుకున్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా?