డీఏపీ బస్తాలా, పెంట బండ్లా: మక్క చేనుకు ఏది?

కొత్త చేను (మియాపూర్)
చేవెళ్ల దగ్గర మాకు రెండెకరాల ఎర్ర చెల్క ఉంది. ఉద్యోగం హైదరాబాద్‌లో, శని ఆదివారాలు చేను దగ్గర. ఈ వానాకాలం మక్క వేద్దామనుకుంటున్న. ఇన్నాళ్లు కౌలుకు చేసినాయన ఎకరానికి రెండు బస్తాల డీఏపీ పడకపోతే కంకి నిండదంటడు. నాకేమో మందు బస్తా ముట్టకుండా కంపోస్టుతోనే పండించాలని ఉంది. ఎవరి మాట వినాలె?

పెంటకుప్ప
ఆయన మాట వినకండి. మందులతో నేల గట్టిపడుతుంది, వానపాము కనపడదు. మేము మూడేళ్లుగా పశువుల ఎరువు తప్ప ఇంకోటి వేయలేదు. ఇప్పుడు వాన పడితే నీళ్లు ఒడ్డు దాటి పారట్లేదు, చేన్లోనే ఇంకుతున్నయ్. ఎకరానికి నాలుగు టన్నులు తోలించండి, మక్కకు అది చాలు.

గెట్టు పక్క
నీళ్లు ఇంకడం గురించి పైన చెప్పింది నిజం. "అది చాలు" అన్న మాట దగ్గరే మా ఊళ్లో ఆరేళ్లు పంచాయితీ నడిచింది.

మా బాపుకు, గెట్టు అవతలి కాకకు నడుమ ఒక్క ఒడ్డే. ఇద్దరిదీ ఒకే తీరు చెల్క. బాపు ప్రతి పంటకూ ఎకరానికి రెండు బస్తాల డీఏపీ వేసేవాడు. కాకకు బర్రెలున్నయ్, మేకలున్నయ్, పెంట తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. ఒక ఏడు మక్క మోకాలెత్తు వచ్చేసరికి ఇద్దరి చేన్లూ బాగలేవు. మా చేన్ల లేతాకుల మీద నడిమి ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలు. కాక చేన్ల ముదురాకులు కొన నుంచి మొదలై ఈనె వెంట లోపలికి పసుపెక్కినయ్.

"అన్నా, నీ మందే నీ చేనును కాలుస్తున్నది" అన్నడు కాక.

"తమ్మీ, నీ మక్క తిండి లేక పాలిపోతున్నది, ముందు అది చూస్కో" అన్నడు బాపు.

ఆ మాట మీద పండుగకు కూడా ఒకరింటికి ఒకరు పోలేదు. పంట కోసినంక, ఎండాకాలంల, మా అమ్మ గట్టిగ పట్టుబడితే ఇద్దరూ మట్టి పరీక్షకు ఇచ్చిన్రు.

మొదటి కాగితాలు వచ్చినప్పుడు కాకది చూసి ఊరంతా నోరు తెరిచింది. సేంద్రియ కర్బనం, భాస్వరం అన్నీ 'ఎక్కువ'. వారం దినాలు ఆ కాగితం జేబులోనే పెట్టుకుని తిరిగిండు. అయితే ఉప్పు శాతం కూడా మామూలు చెల్కకు ఉండాల్సినదానికన్న బాగా ఎక్కువుంది. పరీక్ష చేసినాయనకు అక్కడే అనుమానం వచ్చి "మట్టి ఎక్కడ తీసిన్రు?" అని అడిగిండు. కాక ఏడాదంతా పెంట కుప్ప పోసిన మూల నుంచి తీసిండు. బాపు కూడా ఒక్క చోటే, పైపైన గీకి తెచ్చిండు. రెండు కాగితాలూ పనికిరానివే.

మళ్లీ తీసిన్రు, ఈసారి ఇద్దరూ కలిసి, ఒకరి చేన్ల ఇంకొకరు. కుప్ప మూల, ఒడ్డు, వేపచెట్టు నీడ విడిచిపెట్టి వంకరటింకరగా నడుచుకుంట ఒక్కో చేన్ల పది చోట్ల జానెడు లోపలికి తవ్విన్రు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేసుకుంట అర కిలో మిగిల్చి, నీడలో ఆరబెట్టి బట్ట సంచిలో ఇచ్చిన్రు.

ఈసారి వచ్చిన లెక్క ఇదీ. నత్రజని ఇద్దరికీ తక్కువే. మా చేన్ల కర్బనం 0.3 శాతం, కాకది 0.6. మా చేన్ల భాస్వరం 'ఎక్కువ', జింకు 0.4 పీపీఎం మాత్రమే. జింకు 0.6 కన్న తక్కువుంటే లోపమే అంటరు. కాక చేన్ల జింకు 0.9 ఉంది.

మా తెల్ల పట్టీల కారణం అక్కడ దొరికింది. రెండు బస్తాల డీఏపీలో 46 కిలోల భాస్వరం ఉంటది. మక్కకు సిఫారసు ఎకరానికి దాదాపు 24 కిలోలు. భాస్వరం యూరియా లెక్క నీళ్లతో కొట్టుకుపోదు, ఏటేటా మట్టిలోనే పేరుకుంటది, జింకును మొక్కకు అందనియ్యదు. ఇగ కాక సంగతి. నాలుగు టన్నుల పెంటలో నత్రజని 20 కిలోల దాకే ఉంటది, మొదటి పంటకు అందులో సగం కూడా అందదు. మక్క 80 కిలోల దాకా అడుగుతది. బాపు అన్న తిండి మాట నిజమే, కాక అన్న మందు మాటా నిజమే. ఇద్దరూ ఎదుటోని చేను గురించే సరిగ్గ చెప్పిన్రు.

ఆ వానాకాలం బాపు డీఏపీ ఆపి, భాస్వరం మూడో వంతు తగ్గించి, 100 కిలోల సూపర్ ఫాస్ఫేటుతో సరిపెట్టిండు. ఆఖరి దుక్కిలో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు. రెండూ ఒక్కనాడు కలిపి చల్లలే, నడుమ కొన్ని రోజులు ఎడం ఇచ్చిండు. కలిపితే జింకు మళ్లీ అందకుండా పోతది. కాక పెంట మానలే, దాని మీద మూడు బస్తాల యూరియా మూడు దఫాలుగా వేసిండు. మొదటి బస్తా చల్లిననాడు బాపును చేను దిక్కు రావద్దని కబురు పెట్టిండు.

మిద్దె తోట (కూకట్‌పల్లి)
మా డాబా మీద టమాటాకు వంటింటి చెత్త కంపోస్టే వేస్తున్నాను. ఆకులు ఇలాగే పసుపెక్కుతున్నాయి. నేనూ కుండీ మట్టి పరీక్షకు ఇస్తే ఎంత జింకు వేయాలో తెలుస్తుందా అండీ?

గెట్టు పక్క
అక్కా, కిందాకులా పైయాకులా ముందు చూడండి. కింది నుంచి పసుపెక్కితే జింకు కాకపోవచ్చు, నత్రజని అయ్యుండొచ్చు. చెత్త పూర్తిగ మాగకముందే వేసినా అట్లే అయితది.

పెంటకుప్ప
అదే నేనడిగేది. మీ కాక వేసింది మాగిన పెంటేనా? గడ్డి, చొప్ప కలిసిన పచ్చి పెంట వేస్తే అది కుళ్లడానికే నేల నత్రజని వాడుకుంటుంది. అలాంటప్పుడు తప్పు పెంటదెట్లా అవుతుంది?

గెట్టు పక్క
సగం పచ్చిదే, ఒప్పుకుంటున్న. కుప్ప తిరగేయలే, చొప్ప అట్లనే కనపడేది. ఇప్పుడు గుంటలో వేసి, తడిపి, నాలుగు నెలలకు తీస్తున్నడు. పిడికిట పడితే మట్టి వాసనే వస్తున్నది. అయినా మాగిన పెంటతో 80 కిలోల నత్రజని కావాలంటే ఎన్ని టన్నులు కావాలో మీరే లెక్కేయండి.

మట్టి సంచి
నేను భూసార పరీక్ష కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేశాను. మాకు వచ్చిన సంచుల్లో ఎరువు బస్తా ముక్కలో కట్టినవీ, ఎరువు చల్లిన వారానికే తీసినవీ ఎన్నో. ఆ కాగితంలో ఏ అంకె ఉన్నా నమ్మలేం. పరీక్షకూ హద్దులున్నాయి. భూసార కార్డులో 12 అంశాలుంటాయి. నీరు ఎంత ఇంకుతుందో, వానపాములెన్నో అందులో ఉండవు. ఈ విషయంలో పెంటకుప్ప గారి చేను చెప్పేది మా కాగితం చెప్పదు. అలాగే నగరం చెత్తతో చేసిన కంపోస్టు కొంటే సీసం, కాడ్మియం వంటివి ఆ 12లో లేవు, అవి వేరుగా పరీక్ష చేయించాలి. కొత్త చేను గారూ, మీ చేన్లో కౌలుదారు ఎన్నేళ్లు డీఏపీ వేశాడో ముందు కనుక్కోండి.

కొత్త చేను (మియాపూర్)
తొమ్మిదేళ్లంట, ఫోన్ చేసి అడిగిన. డీఏపీ బస్తాలు ఇంకా కొనలే. మట్టి ఈ ఆదివారమే తీద్దామనుకున్న గానీ, పోయిన వారమే ఒక ఎకరంలో కోళ్ల ఎరువు తోలిపించిన. ఇంకా కుప్పలుగనే ఉన్నది. ఇప్పుడు తీయొచ్చా?

మట్టి సంచి
చల్లలేదు కాబట్టి తీయొచ్చు. కుప్పల దగ్గరికి పోకండి, రెండెకరాలకూ వేర్వేరు సంచులు పెట్టండి. ఆ కోళ్ల ఎరువులో భాస్వరం బాగా ఉంటుంది, కాగితం వచ్చేదాకా చల్లకండి.

పెంటకుప్ప
నేను ఇంతవరకు మట్టి పరీక్ష చేయించలేదు. ఈ ఎండాకాలం తీయిస్తా. నత్రజని తక్కువ వచ్చినా యూరియా మాత్రం వేయను. జీలుగ చల్లి కలియదున్ని చూస్తా.

గెట్టు పక్క
జీలుగ మంచిదే. పూత పట్టేటప్పుడే దున్నండి, ముదిరితే కాడ మాగదు. కాగితం వచ్చినంక ఇక్కడ పెట్టండి, కాకకు చూపిస్తా. ఆయన యూరియా వేస్తున్నడు గానీ, మూడో దఫా అక్కర్లేదని ఇప్పటికీ బాపుతో వాదిస్తనే ఉన్నడు.