ముస్లింల ఇంట్లో చావుకు వెళ్తే పూలదండ తీసుకెళ్లచ్చా?

కొర్లగుంట కిరాణా: మా పక్కషాపు భాయ్ వాళ్ళమ్మ పొద్దున చనిపోయారు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఖననం అన్నారు. నేనూ మా ఆవిడా వెళ్ళాలి. దండ కొనాలా? ఏం కట్టుకోవాలి? ముఖం చూడచ్చా?

పీలేరు రెడ్డి: దండ అస్సలు వద్దు, వాళ్ళలో పూలు వాడరు. తెల్లచొక్కా వేసుకో, జేబులో రుమాలు పెట్టుకో, తలకు కట్టుకోవాలి. నమాజుకు వరుసలో నిలబడు, పక్కకు పోతే చిన్నచూపు చూశావనుకుంటారు.

నసీమా, చిత్తూరు: రెడ్డన్నా, రుమాలు సరే, మిగతావి కాదు. పూలచాదర్ కప్పే ఇళ్ళు చాలా ఉన్నాయి, వద్దనే ఇళ్ళూ ఉన్నాయి. మా ఇంట్లోనే అన్నదమ్ములకు ఈ విషయంలో పడదు. కొనే ముందు వాళ్ళ తమ్ముడినో బావమరిదినో ఒక్కమాట అడగండి. మెడలో దండ వేయడం మాత్రం ఉండదు, ఒళ్ళంతా కఫన్ గుడ్డ చుట్టేస్తారు కాబట్టి.

వరుసలో నిలబడొద్దు. జనాజా నమాజుకు వజూ ఉండాలి, అంటే ముందు పద్ధతి ప్రకారం ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కోవాలి. అది నిలబడే చదువుతారు, నాలుగుసార్లు తక్బీర్, అంటే అల్లాహు అక్బర్ అంటారు. వంగడం, నేలకు తల ఆన్చే సజ్దా ఉండవు, ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. వెనకో పక్కనో మౌనంగా నిలబడితే ఎవరూ తప్పు పట్టరు.

చనిపోయింది ఆడమనిషి కదా, అదే ముఖ్యం. గుసుల్, అంటే చివరి స్నానం, ఆడవాళ్ళే చేయిస్తారు. ముఖం కొడుకులు, అన్నదమ్ముల్లాంటి దగ్గరివాళ్ళే చూస్తారు, బయటి మగవాళ్ళు అడగకూడదు. ఖబరులోకి దించేటప్పుడు పైన దుప్పటి అడ్డంగా పట్టుకుంటారు. అప్పుడు తొంగిచూడకుండా నాలుగడుగులు వెనక్కి జరగండి. మీ ఆవిడ ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర కూర్చుంటుంది, ముఖం చూపిస్తే చూడచ్చు. కొంగు తలమీద వేసుకుంటే చాలు, బొట్టు తీయక్కర్లేదు. మా వైపు ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు వెళ్ళరు.

మాలధారి: నేను మాలలో ఉన్నాను. మొన్న ఇలాంటి చావుకే పోలేకపోయాను, స్నేహితుడు అలిగాడు. దానికేం చేయాలి?

గాజులమండ్యం కుర్రోడు: ఆయన అడిగింది దండ సంగతి స్వామీ.

పీలేరు రెడ్డి: నేను చెప్పింది దండ వద్దనే. కొనకుండా పోతే ఏ గొడవా లేదు. అడిగి కొనడం ఎందుకు? చావింట్లో పూల గురించి అడిగేవాడు ఎవడమ్మా!

నసీమా, చిత్తూరు: అడిగితే తప్పేంటి? చాదర్ వేసే ఇంట్లో పక్కషాపు వాళ్ళు తెచ్చారంటే సంతోషమే. అడగకుండా ఊహించుకునే కదా సగం మంది వీధి చివరే ఆగిపోతారు.

పీలేరు రెడ్డి: ఆ మాట నా మీదేనా? మా ఊళ్ళో ఎవరు పోయినా వెళ్తాను, వచ్చి తలస్నానం చేస్తాను. మా పెదనాన్న చావుకు పోయొచ్చినా చేశాను. దాన్ని కూడా అంటరానితనం అంటారేమో.

నసీమా, చిత్తూరు: స్నానం గురించి నేను ఎక్కడన్నా అన్నానా? మా నాన్న పోయినప్పుడు, ముప్పై ఏళ్ళు కలిసి టీ తాగిన ఆయన మోటార్‌సైకిల్ దిగలేదు. హారన్ కొట్టి మా అన్నను పిలిచి, అక్కడే భుజం తట్టి వెళ్ళిపోయాడు. లోపలికొచ్చి మా అమ్మతో ఒక్కమాట అనలేదు. స్నానం ఎన్నిసార్లైనా చేసుకోమనండి.

పీలేరు రెడ్డి: ఆయనెందుకు దిగలేదో నాకు తెలుసమ్మా. నేను ఒకసారి దగ్గరి స్నేహితుడి జనాజాకు భుజం పట్టాను, ఎవరూ ఏమనలేదు. నమాజు వరుసలో నిలబడితే ఒక కుర్రాడు చెయ్యి పట్టి బయటికి లాగాడు. అందరి ముందూ. అప్పటినుంచి రోడ్డు మీదే నిలబడుతున్నాను. మీరు లోపలికి రమ్మంటారు, మీవాళ్ళే బయటికి లాగుతారు. ఎవరి మాట వినాలి?

నసీమా, చిత్తూరు: లాగడం తప్పే, పెద్దవాళ్ళు ముందే చెప్పుండాలి. కానీ వరుసలో నిలబడమని ఇందాక ఆయనకు మీరే చెప్పారు.

పీలేరు రెడ్డి: నిలబడకపోతే మర్యాద కాదని మా నాన్న చెప్పేవాడు. ఇప్పుడు మర్యాద ఎవరు నిర్ణయిస్తారో అర్థం కావడం లేదు.

మదనపల్లె టీచర్: మట్టి సంగతి ఎవరూ చెప్పలేదు. మూడు గుప్పెళ్ళు వేస్తారు, ఇంటివాళ్ళు వేశాక మనమూ వేయచ్చు, మా వైపు ఎవరూ వద్దనరు. మంత్రం రాకపోయినా పరవాలేదు. ఫోటోలు తీయొద్దు, శవపేటిక ఎక్కడని అడగొద్దు. ఇంకో మాట, మనం చావింటి నుంచి చెప్పకుండా వచ్చేస్తాం కదా. అక్కడ అలా చేస్తే కోపంతో పోయాడనుకుంటారు. ‘అల్లా ఓర్పు ఇవ్వాలి భాయ్, ఉంటాను’ అని చెప్పే కదలండి.

మాలధారి: నా ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

కొర్లగుంట కిరాణా: వాళ్ళ తమ్ముణ్ణి అడిగాను, పూలు వద్దన్నాడు. ఈ మూడు రోజులూ వాళ్ళింట్లో పొయ్యి వెలిగించరట. మా ఆవిడ రాత్రికి అన్నం, పప్పు, చింతపండు రసం వండి పంపుతానంటోంది, మాంసం మా ఇంట్లో వండం. పప్పన్నం పంపితే బాగుంటుందా నసీమా అక్కా?

నసీమా, చిత్తూరు: పంపండి. గిన్నెలు మళ్ళీ అడగకండి, వాళ్ళే తెచ్చిస్తారు. రెడ్డన్నా, మీరు చూసిన కుర్రాడు ఏ ఊరివాడు?

పీలేరు రెడ్డి: ఊరు చెప్పనులే.