తీగ పాకమే పట్టినా, జామూన్లు గట్టిపడినాయి, జిలేబీ మెత్తబడింది. ఏం చేయాల?

కొర్లగుంట అమ్మాయి: పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడి కాళ్ళు పీకుతా ఉండాయి. వీడియోలో చెప్పినట్టే తీగ పాకం పట్టినా. వేళ్ళ మధ్య తీగ వచ్చింది, కళ్ళారా చూసినా. అయినా గులాబ్ జామూన్లు ముడుచుకుపోయి లోపల గట్టిగా ఉండాయి. సాయంత్రం అదే పాకంలో జిలేబీ వేస్తే మెత్తగా సాగతా ఉంది. రేపు మామావాళ్ళు కొండకు పోయి మా ఇంటికొస్తారు. ఎవరన్నా చెప్పండి.

చిత్తూరు బెల్లం: చక్కెర పాకంతో ఎందుకమ్మా ఈ తిప్పలు? మన జిల్లా బెల్లం పెట్టుకుని! అరిసెలకు పాకం చూడాలంటే గిన్నెలో నీళ్ళు పోసి ఒక చుక్క వేస్తే చాలు, ఉండ కట్టాల. ఇప్పటి పిల్లలకు అది తెలీదు.

పుత్తూరు వంటాయన: ఆమె అడిగింది అరిసెల సంగతి కాదు సామీ. అమ్మాయీ, చక్కెర ఎంత, నీళ్ళు ఎంత? మధ్యలో ఏమన్నా కలిపినావా?

కొర్లగుంట అమ్మాయి: అర కిలో చక్కెర, అర లీటరు నీళ్ళు. తీగ వచ్చినాక దించి జామూన్లు వేసి మూత పెట్టినా. మధ్యాహ్నం చూస్తే గిన్నె అంచున చక్కెర పేరుకునింది. అందుకని జామూన్లు తీసి, ఒక గ్లాసు నీళ్ళు పోసి కరిగించి, జిలేబీకి వాడుకున్నా. మామూలేగా?

పుత్తూరు వంటాయన: అక్కడే ఉంది తిరకాసు. రెండూ తారుమారైనాయి. జామూన్‌కు తీగ పాకం వద్దు, వేళ్ళకు జిగురుగా అంటుకుని లాగితే తెగిపోవాల. తీగ పాకం చిక్కన, జామూన్‌ లోపలికి పోదు, పైగా దాంట్లో ఉన్న తేమను లాగేస్తుంది. అందుకే ముడుచుకుంటుంది. జిలేబీకి తీగ కావాల. పలచన పాకంలో వేస్తే నీళ్ళు పీల్చి కరకర పోతుంది.

తూకం చెప్తా విను. చల్లారినాక చక్కెర కరిగే ఉండాలంటే దాని బరువులో సగమన్నా నీళ్ళు ఉండాల. అర కిలోకు పావు లీటరు. అంటే పాకం బరువు 750 గ్రాములకు దిగితే చల్లారేటప్పుడు పేరుకోవడం మొదలవుతుంది. తీగ వచ్చేటప్పటికి సుమారు 700 ఉంటుంది. జామూన్‌కు 800 నుంచి 850 దగ్గర ఆపేయి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసిపెట్టుకో. నువ్వు గ్లాసు నీళ్ళు పోసినాక అది 900 అయింది, తీగ ఇంకెక్కడ?

మదనపల్లె మాస్టారు: ఇంత లెక్క ఎందుకండీ, థర్మామీటరు పెట్టి 105 డిగ్రీలు చూసుకుంటే సరి. నేనట్లే చేస్తా.

పుత్తూరు వంటాయన: మీ ఊరు ఎత్తులో ఉంది మాస్టారూ, నీళ్ళే 100కి రెండు డిగ్రీలు ముందే కాగుతాయి. మీకు 105 వచ్చేటప్పటికి పాకం ముదిరిపోయి ఉంటుంది. నీళ్ళు ఎంత దగ్గర కాగుతాయో ముందు చూసుకుని, దానిపైన అయిదు లెక్కేసుకోండి.

మదనపల్లె మాస్టారు: ఓహో. అందుకా నా మైసూర్‌పాకు రాయి అయ్యేది!

పీలేరు అత్త: పొయ్యి ఆపి చూసినావా పిల్లా?

కొర్లగుంట అమ్మాయి: లేదత్తా. మంట మీదే గరిటెతో తీసి చూసినా.

పీలేరు అత్త: అంతే మరి. నువ్వు చూసేలోపలే ముదిరిపోతుంది. పొయ్యి ఆపు, చల్లని పళ్ళెంలో ఒక చుక్క వేయి, పది లెక్కపెట్టు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెల్లగా విడదీయి. అప్పుడు ఒక తీగ తెగకుండా నిలిస్తే జిలేబీకి. వేడి చుక్క చూస్తే ఎప్పుడూ పలచగానే కనబడుతుంది.

చిత్తూరు బెల్లం: నిమ్మకాయ పిండితే పేరుకోదు కదా, ఇంత గొడవ ఎందుకు?

పుత్తూరు వంటాయన: సగం నిజం. అర కిలోకు అర చెంచా రసం, చక్కెర కరిగినాక. గడ్డకట్టడం తగ్గుతుంది, చిక్కదనం తగ్గదు. జామూన్‌ ముడతలకు అది మందు కాదు.

పీలేరు అత్త: జిలేబీలో నిమ్మకాయ నేను ఒప్పుకోను.

పుత్తూరు వంటాయన: మేం పెళ్ళిళ్ళకు వేస్తామక్కా, ఎవరూ కనిపెట్టలేదు. అమ్మాయీ, ఆ 900 పాకాన్ని పారబోయొద్దు. ఓ పొంగు రానిచ్చి, నిమ్మరసం వేసి, వెచ్చగా ఉన్నప్పుడు కొత్త జామూన్లు వేసుకో. ముడుచుకున్నవి మళ్ళీ ఉబ్బుతాయని ఆశ పెట్టుకోవద్దు. జిలేబీకి వేరే గిన్నెలో పావు కిలో చక్కెర, 125 గ్రాముల నీళ్ళు. కరిగినాక గరిటె తిప్పొద్దు, 350కి దిగగానే దించు. పాకం వేలు ఆనించగలిగేంత వేడిగా ఉండాల, జిలేబీ నూనెలోంచి తీసిన వెంటనే వేసి, పదిహేను ఇరవై క్షణాల్లో తీసేయి.

చిత్తూరు బెల్లం: బెల్లంతో జిలేబీ చేసిచూడు, రంగు కూడా వేయనక్కర్లేదు.

కొర్లగుంట అమ్మాయి: కాటా పక్కింటి నుంచి తెచ్చినా. జామూన్లు వేసినా, చూడాల. థాంక్స్ అన్నా. జిలేబీ పిండి పులిసిందో లేదో ఇంకా తేలలా.