కొత్త ఫోన్‌కి ఫిట్‌నెస్ బ్యాండ్ పెయిర్ కావట్లేదు, రీసెట్ చేయకుండా దారి ఉందా?

నాలుగు రోజుల క్రితం ఫోన్ మార్చాను. మొదట యాప్ స్కాన్‌లో బ్యాండ్ పేరే రాలేదు. పక్క గదిలో పాత ఫోన్ బ్లూటూత్ ఆన్‌లోనే ఉందని తర్వాత గుర్తొచ్చింది. బ్యాండ్ దానికి కనెక్ట్ అయి ఉండటం వల్లే ఇక్కడ కనబడలేదు. పాత ఫోన్‌లో Forget కొట్టి బ్లూటూత్ ఆపేయగానే పేరు వచ్చింది.

అసలు టెన్షన్ ఇప్పుడే. పేరు నొక్కితే బ్యాండ్ ఒకసారి వైబ్రేట్ అయి టిక్ గుర్తు చూపిస్తుంది. అది నొక్కాక యాప్‌లో చక్రం కాసేపు తిరిగి, పెయిరింగ్ కుదరలేదని చెబుతుంది. కానీ కొత్త ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ పేరు సేవ్ అయిపోతోంది! దాన్ని తీసేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి, మళ్లీ యాప్ నుంచే ప్రయత్నించినా అదే తంతు. ఫోన్ ఆండ్రాయిడ్ 14. యాప్‌కి Nearby devices పర్మిషన్ ఇచ్చాను, లొకేషన్ కూడా ఆన్‌లోనే ఉంది.

ఫోన్‌లో పాత పెయిరింగ్ చెరిగినా బ్యాండ్ లోపల మిగిలిపోయిందని నా అనుమానం. పాత ఫోన్ యాప్‌లో బ్యాండ్ ఇంకా నా అకౌంట్ కిందే కనిపిస్తోంది. అక్కడ అన్‌పెయిర్ చేస్తే బ్యాండ్ కూడా రీసెట్ అయిపోతుందా? ఈ నాలుగు రోజుల నిద్ర, గుండె వేగం రికార్డులు ఇంకా సింక్ కాలేదు, అవి నాకు చాలా అవసరం. ముందు పాత ఫోన్‌కే మళ్లీ కలిపి సింక్ చేసుకోవడం కుదురుతుందా? ఇలా చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.