బీ12 తగ్గినప్పుడు మాత్రలా, ఇంజెక్షన్లా?

సుజాత: మా నాన్నగారికి 64 ఏళ్ళు, పుట్టినప్పటినుంచీ శాకాహారి. షుగర్‌కు పదకొండేళ్ళుగా రోజుకు రెండు గ్రాముల మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. అరికాళ్ళు మొద్దుబారాయి, బీ12 పరీక్షలో 168 వచ్చింది. ఇంజెక్షన్లే కావాలా, మాత్రలు సరిపోతాయా?

రామారావు: మెట్‌ఫార్మిన్ వాడేవారి పేగు బీ12ను పీల్చుకోలేదు కాబట్టి మాత్రలు మింగడం డబ్బు దండగ. ఇంజెక్షన్ ఒక్కటే దారి.

ఒక ఫిజీషియన్: రామారావుగారి మాటలో సగమే నిజం. ఆహారంలోని బీ12 జీర్ణాశయంలో తయారయ్యే ఒక ప్రోటీన్‌ను పట్టుకుని చిన్నపేగు చివర లోపలికి వెళ్తుంది. మెట్‌ఫార్మిన్ ఆటంకపరిచేది అక్కడే. అయితే మోతాదు పెద్దదైనప్పుడు నూటికి సుమారు ఒక వంతు ఆ ప్రోటీన్‌తో నిమిత్తం లేకుండానే పేగు గోడ దాటుతుంది. 1000 మైక్రోగ్రాముల మాత్రలో అది దాదాపు 10 అవుతుంది, రోజుకు కావలసిందేమో రెండు పైచిలుకే. అందుకే ఒట్టి లోపానికి రోజూ మాత్ర చాలు. సుజాతగారి నాన్నగారికి మాత్రం పాదాల స్పర్శ తగ్గింది కనుక, నేనైతే మొదటి రెండు మూడు వారాలు రోజు విడిచి రోజు ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత మాత్రకు మారుస్తాను. మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు ఆపకండి.

పద్మ: నేను తొమ్మిది నెలలు మాత్రలు వాడాను. మొన్న 1400 వచ్చింది, నయమైందని మానేశాను. రోజూ పెరుగు తింటున్నాను కదా!

ల్యాబ్ టెక్నీషియన్: పద్మగారూ, ఆ 1400 మీరు మాత్ర మింగారని మాత్రమే చెబుతుంది. మానేస్తే, కారణం అలాగే ఉంది కనుక, అది మళ్ళీ మెల్లగా దిగుతుంది. మందు మొదలుపెట్టాక చేసే పరీక్షతో అసలు లోపం ఎంత ఉండేదో తేలదు. రక్తం ముందే ఇవ్వాలి. ఫలితం 200కూ 300కూ మధ్య ఊగితే, బీ12 చాలనప్పుడు రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్ చూస్తారు. మొదటిది కిడ్నీలు దెబ్బతిన్నా పెరుగుతుంది, రెండోది ఫోలేట్ తగ్గినా పెరుగుతుంది. మా అనుభవంలో ఇంకో తిరకాసు ఉంది: హోమోసిస్టీన్ కోసం తీసిన రక్తాన్ని వెంటనే ఐసులో పెట్టకుండా, యంత్రంలో తిప్పి కణాలను వేరుచేయకుండా గంటల తరబడి బల్ల మీద వదిలేస్తే, కణాల నుంచి అది బయటికి వచ్చి అంకె ఉత్తుత్తిగా పెరిగిపోతుంది.

సుజాత: హిమోగ్లోబిన్ 13.4 ఉంది, రక్తహీనత లేదు కాబట్టి ఆ మొద్దుబారడం షుగర్ వల్లేనని మా డాక్టరుగారు అంటున్నారు.

ఫిజీషియన్: రక్తహీనత లేకుండానే నరాలు దెబ్బతినవచ్చు, ఫోలిక్ ఆమ్లం వాడుతుంటే మరీను. షుగరా, బీ12 లోపమా, రెండూనా అన్నది ఇప్పుడే విడదీయలేం. ట్యూనింగ్ ఫోర్క్‌ను కాలి బొటనవేలి మీద ఆనించి, కంపనం ఎంతవరకు తెలుస్తోందో ఈరోజే రాసిపెట్టించండి. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తే పోల్చుకోవడానికి ఉంటుంది.

రామారావు: మాత్రలతోనూ రక్తంలో బీ12 పెరుగుతుందని ఒప్పుకుంటున్నాను. నరాలకు కూడా అంతే మేలు చేస్తుందని ఎవరైనా చూపించారా?

ఫిజీషియన్: అక్కడ నాకూ నమ్మకం చాలకనే ఇంజెక్షన్‌తో మొదలుపెడతానన్నాను.