పేరాల్లో రాసిన నాటిక సీనుని స్క్రిప్టుగా విడగొట్టడం ఎలా?

పరిషత్తు పోటీకి నాటిక రాస్తున్నానండి. మొదటి సీను కథలా పేరాల్లో వచ్చేసింది. ఒక వాక్యం చూడండి:

"తలుపు చప్పుడుకి ఉలిక్కిపడిన సీతమ్మ, వచ్చింది కొడుకే అనుకుని, కళ్లజోడు వెతుక్కుంటూ అన్నం తిన్నావా అని అడిగింది."

దీన్ని ఇలా మార్చాను:

(తలుపు చప్పుడు. సీతమ్మ ఉలిక్కిపడుతుంది.)
సీతమ్మ: (కళ్లజోడు వెతుక్కుంటూ) అన్నం తిన్నావా నాన్నా?

తలుపు చప్పుడు సౌండ్ ఆపరేటరు కంట్లో పడాలని విడి లైనులో పెట్టాను. మాట్లాడుతూ చేసే పని పేరు పక్కన రాశాను. ఇంతవరకు సరేనా?

అసలు చిక్కు "కొడుకే అనుకుని" దగ్గర. బ్రాకెట్లో రాస్తే నటికి తెలుస్తుంది గానీ ప్రేక్షకుడికి తెలియదు కదా. "నాన్నా" అన్న పిలుపు చాలా, ఇంకో డైలాగు కావాలా? నిజానికి వచ్చింది అప్పులవాడు. అతని ప్రవేశం ఆమె డైలాగుకి ముందు రాయాలా, తర్వాతా? నాటకాలు వేసినవాళ్లు చెప్పగలరు.