ధర నుంచి వెనక్కి లెక్కిస్తే తేలేది మార్కెట్ మాటా, మన మాటా?

కొత్తచిగురు: షేరు ధర 400 రూపాయలు, గత ఏడాది డివిడెండు 20. అది ఎప్పటికీ ఏటా 6 శాతం పెరుగుతుందనుకుని, 20ని 400తో భాగించి 6 కలిపితే రాబడి 11 శాతం వచ్చింది. మార్కెట్ నిజంగా 11 కోరుతోందని దీన్నిబట్టి చెప్పవచ్చా?

లెక్కలపెట్టె: ముందు ఒక సవరణ. ఆ 20 పంచేశారు, ఈ రోజు కొన్నవారికి అది రాదు. వారి చేతికి వచ్చేది వచ్చే ఏటి 21.20. దాన్ని 400తో భాగిస్తే 5.3 శాతం, 6 కలిపితే 11.3. ఇందులో 5.3 దాదాపుగా ధర చెప్పినది, 6 మాత్రం మీరు పెట్టినది. కాబట్టి 11.3ను మార్కెట్ మాట అనలేను.

వాగుఒడ్డు: ఊహ ఎందుకు? అయిదేళ్లుగా డివిడెండు 14 శాతం పెరిగిందనుకోండి, అదే వేయాలి. రాబడి 19.7 వస్తుంది, షేరు చవకన్నమాట.

లెక్కలపెట్టె: గత రికార్డు చూడాలన్న మాట సరైనదే. కానీ ఈ సూత్రంలోని పెరుగుదలకు ముగింపు లేదు. దేశ ఆర్థిక వ్యవస్థ కంటే వేగంగా ఎల్లకాలం పెరిగితే, ఒకనాటికి కంపెనీ దేశాన్నే మించాలి. వేగంగా పెరిగే తొలి ఏళ్లను విడిగా లెక్కించాలి. పాత, పెద్ద కంపెనీకి 19.7 వచ్చిందంటే షేరు చవకని సంబరపడే ముందు పెరుగుదల అంకెను అనుమానించండి.

పింఛనుదారు: నాకు నిరుడు ఒక షేరుపై 32 రూపాయలు వచ్చాయి. అదీ 400 షేరే. 6 శాతం పెరుగుదలతో 14 దాటింది, సంతోషించాను. ఈ ఏడాది 21 మాత్రమే పడింది.

లెక్కలపెట్టె: అయ్యా, ఆ 32లో ప్రత్యేక డివిడెండు ఉందేమో ప్రకటనలో చూడండి. స్థలం అమ్మిన డబ్బు పంచితే అది ఏటా రాదు. దాన్ని తీసేసి లెక్కించాలి.

మాధవి: నేను తిరగేసి చేస్తాను. నాకు 12 శాతం కావాలి, ఈ ధరకు ఎంత పెరగాలి?

`g = (P × r − D0) / (P + D0)`

ఇందులో P ధర, r కావలసిన రాబడి, D0 గత ఏటి డివిడెండు, g పెరుగుదల. 400లో 12 శాతం 48. 48లోంచి 20 తీసేస్తే 28, దాన్ని 420తో భాగిస్తే 6.67 శాతం. కంపెనీ లాభంలో 40 శాతం పంచి 60 శాతం ఉంచుకుంటుంటే, ఈ పెరుగుదల ఆ ఉంచుకున్న సొమ్ముతోనే రావాలి; 6.67ను 0.6తో భాగిస్తే, వాటాదారుల సొమ్ముపై దాదాపు 11.1 శాతం లాభం నిలకడగా సంపాదించాలి. అది జరిగే పనేనా అని వార్షిక నివేదికలో వెతకవచ్చు.

వాగుఒడ్డు: సరే, రేపు ధర 320 అయితే? 6 అలాగే ఉంచితే రాబడి 12.6. రాబడిని 11.3 వద్ద ఉంచితే పెరుగుదల 4.75. ఏది నిజం?

లెక్కలపెట్టె: ఒకే సమీకరణం, తెలియనివి రెండు. ఆ వారంలో ప్రభుత్వ బాండ్లపై రాబడి పెరిగితే మొదటిది, కంపెనీ అమ్మకాలు తగ్గితే రెండోది అంటాను.

మాధవి: రెండూ ఒకే వారంలో జరిగితే?